బీచ్ ఫొటోలో కాళ్ల మీది చారలు: ఎంత తగ్గించాలి, ఎక్కడ ఆపాలి (ప్రాజెక్టు డైరీ)

స్ట్రెచ్ మార్క్స్ ఎలా తీసేయాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. ఎక్కడ ఆపాలో చెప్పేవి మాత్రం తక్కువ. ఈ డైరీ అందుకోసం రాస్తున్నాను. ఫొటో ఒకటే, రీటచ్ అంతా ఉచితంగా దొరికే ఫొటో ఎడిటర్ జింప్‌లోనే చేశాను. ఇలాంటి ఫొటో మీ దగ్గరుంటే ఇవే అంకెలు మళ్లీ కొలిచి చూసుకోండి. అంకెలు మారతాయి కానీ వరస మారదు.

## దశ 1: ఈ ఫొటోని ఎవరు, ఎంత దూరం నుంచి చూస్తారు?

ఫొటో మా పిన్ని కూతురిది. విశాఖ దగ్గరి యారాడ బీచ్‌లో పొద్దున్నే, సూర్యుడు ఇంకా సముద్రం అంచు మీద ఉన్నప్పుడు ఒక ఫొటోగ్రాఫర్ తీశాడు. మోకాళ్ల పైదాకా తెల్ల షార్ట్స్ వేసుకుని, పాదాలు అలల్లో పెట్టి, పక్కకి తిరిగి నవ్వుతోంది. తొడల బయటివైపు, షార్ట్స్ అంచు నుంచి మోకాలి దాకా, చర్మం కంటే లేతగా చారలు ఉన్నాయి.

"అక్కా, ఇది పెద్దగా ప్రింట్ తీయించి హాల్లో పెడదామనుకున్నాం. ఈ చారలు చూడు, కాళ్ల నిండా అవే కనిపిస్తున్నాయి. తీసెయ్యగలవా? తీసినట్టు మాత్రం తెలియకూడదు," అంది.

నేను ముందు అడిగింది ఒక్కటే. ఎక్కడ చూసి ఈ మాట అంటున్నావు? ఆఫీసు మానిటర్ మీద, పూర్తిగా జూమ్ చేసి చూసిందట. అసలు విషయం అక్కడే ఉంది కాబట్టి కొంచెం లెక్క వేద్దాం.

1. ఫైలు సైజు 4000 × 6000 పిక్సెళ్లు. అందులో తను నిలువునా సుమారు 4200 పిక్సెళ్లు ఆక్రమించింది. తన ఎత్తు 160 సెంటీమీటర్లు. అంటే ఒంటి మీద సెంటీమీటరుకి సుమారు 26 పిక్సెళ్లు.
2. ఒక్కో చార వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు. ఫైలులో అది 8 పిక్సెళ్లు.
3. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద 100 శాతం జూమ్‌లో 8 పిక్సెళ్లంటే 2.2 మిల్లీమీటర్లు. దాదాపు అసలు చార అంత.
4. 12 × 18 అంగుళాల ప్రింట్‌లో అదే చార 0.6 మిల్లీమీటర్లు.
5. ఫోన్‌లో ఫొటో వెడల్పు 1080 పిక్సెళ్లకి తగ్గి, ఏడు సెంటీమీటర్ల స్క్రీన్ మీద కనిపిస్తే చార 0.14 మిల్లీమీటర్లు.

మానిటర్ మీద తనని టెన్షన్ పెట్టిన చార ప్రింట్‌లో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, ఫోన్‌లో పదహారో వంతు. గోడకి తగిలించిన ఫ్రేమ్‌ని సోఫాలో కూర్చుని చూస్తే 0.6 మిల్లీమీటర్ల లేత గీత కంటికి ఆనదు. చేతిలోకి తీసుకుని చూస్తే ఆనుతుంది. అందుకే ఆ చేతిలో పట్టుకుని చూసే దూరాన్నే నా కొలతగా పెట్టుకున్నాను. వాట్సాప్‌కి పంపే కాపీలో చారలకి ఏమీ చేయనక్కర్లేదని కూడా ఇక్కడే తేలిపోయింది.

ఇప్పటిదాకా: ప్రింట్‌కి పని ఉంది. ఫోన్ కాపీకి లేదు.

## దశ 2: చార ఎంత లేతగా ఉందో కొలవడం

"బాగా కనిపిస్తున్నాయి", "పర్లేదు" అనే మాటలతో ఈ పని సాగదు. ఒక అంకె కావాలి. జింప్‌లో కలర్ పికర్ తీసుకుని, `Sample average` టిక్ పెట్టి, సమాచారం చూపే కిటికీలో `CIE LAB` ఎంచుకుంటే L అనే విలువ కనిపిస్తుంది. అది వెలుతురు ఎంతో చెప్పేది. నలుపుకి 0, తెలుపుకి 100.

చార మధ్యలో ఒకసారి, దాని పక్కనే ఓ 20 పిక్సెళ్ల దూరంలో మామూలు చర్మం మీద ఒకసారి కొలవాలి. రెండింటి తేడానే మనకి కావలసిన అంకె. ఒక్క చోట కొలిస్తే సరిపోదు. నీటి బొట్టు మెరుపో, ఇసుక రేణువో అడ్డం పడి అంకె తప్పుతుంది. అందుకని వేర్వేరు చారల మీద ఐదు జతలు కొలిచి సగటు తీశాను.

ఫొటోగ్రాఫర్ ఇచ్చిన జేపెగ్‌లో:

- మామూలు చర్మం: L 54
- చార: L 63
- తేడా: 9

పక్కపక్కనే ఉన్న రెండు చోట్ల తొమ్మిది తేడా అంటే చాలా ఎక్కువ. అది ఎందుకొచ్చిందో తెలియకుండా బ్రష్ పట్టుకోవడం దండగ.

స్ట్రెచ్ మార్క్ అంటే చర్మం లోపలి పొరలో పీచు సాగి తెగిన చోటు. కొత్తగా వచ్చినప్పుడు ఎర్రగానో, మన చామనఛాయ మీద ముదురు రంగులోనో ఉంటుంది. కొన్నేళ్లకి రంగు తగ్గి చుట్టూ ఉన్న చర్మం కంటే లేతగా మారుతుంది, కాస్త లోపలికి దిగుతుంది, పైన సన్నటి ముడతలు ఉంటాయి. మా చెల్లివి ఈ పాత రకం. అంటే రంగులో తేడా ఉంది, ఎత్తులో కూడా తేడా ఉంది. ఎత్తు తేడా కెమెరాకి ఎంత కనిపిస్తుందనేది వెలుగు వచ్చే దిక్కుని బట్టి ఉంటుంది.

విశాఖ తీరంలో సూర్యుడు సముద్రం వైపు నుంచి లేస్తాడు. తను ఒడ్డు వెంబడి నిలబడి ఉంది కాబట్టి ఆ ఏటవాలు ఎండ తొడని రాసుకుంటూ పోయింది. ప్రతి చారకీ ఒక అంచు మెరిసింది, రెండో అంచు నీడలో పడింది. సాయంత్రం సూర్యుడు కొండల వెనక్కి వెళ్లాక తీసి ఉంటే ఇవే చారలు సగం కూడా కనిపించేవి కావు.

ఆ మాట ఊహ కాదని చూసుకోవడానికి ఆ రోజు ఫ్రేములన్నీ తెప్పించుకున్నాను. ఒకదానిలో పల్చటి మబ్బు సూర్యుడికి అడ్డం వచ్చింది. అదే కాలు, దాదాపు అదే నిలబడిన తీరు, వెలుగు మాత్రం మెత్తగా ఉంది. దానిలో కొలిస్తే తేడా 3.

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన అంకె ఇదే. మెత్తటి వెలుగులో ఎదురుగా నిలబడిన మనిషికి ఆ కాలు ఎలా కనిపిస్తుందో అది చెప్పింది. అంతకంటే పైన ఉన్నదంతా ఏటవాలు ఎండ, ఫైలు తయారీ కలిసి పెంచినది. కాబట్టి లక్ష్యం 3 అని రాసుకున్నాను. 0 కాదు. మీ ఫొటోకి కూడా ఇలా ఒక మబ్బు ఫ్రేమో, నీడలో తీసిన ఫ్రేమో వెతకండి. దొరకకపోతే మనిషినే కిటికీ పక్కన నిలబెట్టి ఒక ఫొటో తీసి కొలుచుకోవచ్చు.

ఇప్పటిదాకా: ఇప్పుడున్న తేడా 9. లక్ష్యం 3.

## దశ 3: రీటచ్ కంటే ముందు రా ఫైలు

జేపెగ్ చూడగానే ఒక అనుమానం వచ్చింది. ఇసుక గింజ గింజా విడిగా కనిపిస్తోంది, నురగ అంచులు కోసినట్టున్నాయి. ఫొటోగ్రాఫర్‌ని అడిగితే బీచ్ ఫొటోలన్నిటికీ ఒకే ప్రీసెట్ వేశానన్నాడు. అందులో క్లారిటీ, టెక్స్చర్ రెండూ పైకి జరిపి ఉన్నాయి. ఆ రెండు స్లైడర్లూ చేసే పని చిన్న, మధ్య సైజు వివరాల మధ్య తేడా పెంచడం. నీళ్లకీ ఇసుకకీ అది అందం. 8 పిక్సెళ్ల చార కూడా సరిగ్గా ఆ సైజే కాబట్టి దాన్నీ పెంచేసింది.

అందుకే కెమెరా నేరుగా సేవ్ చేసిన, ప్రీసెట్ వేయని అసలు ఫైలు, అంటే రా ఫైలు తీసుకుని, రా కన్వర్టర్‌లో:

1. క్లారిటీ 0, టెక్స్చర్ 0.
2. షార్ప్‌నెస్ సగానికి తగ్గించాను. ప్రింట్‌కి చివర్లో విడిగా ఇచ్చుకోవచ్చు.
3. నీడలు కొంచెం పైకి, వెలుతురు భాగాలు కొంచెం కిందికి.
4. 16 బిట్ టిఫ్‌గా ఎగుమతి. 8 బిట్‌లో మొదలుపెడితే తర్వాత తొడ మీద మెత్తగా మారే రంగుల్లో మెట్లు మెట్లుగా గీతలు వస్తాయి.

మళ్లీ అవే ఐదు జతలు కొలిచాను. చర్మం 53, చార 59.

ఇప్పటిదాకా: 9 → 6. ఒక్క బ్రష్ గీత కూడా గీయలేదు.

క్లారిటీని 0 కంటే కిందికి లాగితే ఇంకా తగ్గుతుంది కదా అనిపిస్తుంది. లాగి చూశాను. తేడా 5కి వచ్చింది కానీ ముఖం, జుట్టు, నురగ అన్నీ పొగమంచు పట్టినట్టయ్యాయి. వెనక్కి తెచ్చేశాను.

## దశ 4: ఏది పోవాలి, ఏది ఉండాలి

కాళ్ల మీద చారలొక్కటే లేవు. ఒక్కోదానికీ ఒక నిర్ణయం కావాలి. నేను పాటించే పద్ధతి ఏమిటంటే, రెండు వారాల తర్వాత మనిషి ఒంటి మీద ఉండనిదాన్ని అడగకుండా తీసేస్తాను. ఉండేదాన్ని అడిగాకే ముట్టుకుంటాను, ముట్టుకున్నా తగ్గిస్తాను గానీ తుడిచెయ్యను.

- పిక్క మీద అంటుకున్న ఇసుక, ఆరిన ఉప్పు మరక: తీసేశాను.
- దోమ కాటు ఎర్ర మచ్చలు రెండు: తీసేశాను.
- సాక్స్ ఎలాస్టిక్ నొక్కిన గీత: తీసేశాను.
- మోకాలి కింద పుట్టుమచ్చ, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడిన గాటు: అలాగే ఉంచాను. తనని అడిగితే "అయ్యో, అవి ఉండాలి" అంది.
- మోకాళ్ల మీది ముదురు రంగు: ఉంచాను. మన చర్మానికి మోకాళ్లు ముదురుగా ఉండటం మామూలే. అది చెరిపితే కాలు ఎక్కడ వంగుతుందో కూడా కంటికి తెలియదు.
- చారలు: తగ్గించాలి.
- తొడ మీది చిన్న చిన్న గుంటలు: దశ 8లో చెప్తాను.

తీసేసే వాటికి హీల్ టూల్ చాలు. లేయర్ కాపీ చేసి, ఆ కాపీ మీద చేస్తే అసలు ఫొటో చెక్కుచెదరదు.

ఇది ఇంట్లో పెట్టుకునే ఫొటో కాబట్టి నిర్ణయం పూర్తిగా మా చెల్లిది. ప్రకటన అయితే లెక్క వేరు. నార్వేలో 2022 జూలై 1 నుంచి ప్రకటనల్లో మనిషి ఒంటి ఆకారాన్నో, సైజునో, చర్మాన్నో మార్చితే ఆ సంగతి ఫొటో మీదే గుర్తు వేసి చెప్పాలి. మీరు ఏదైనా బ్రాండ్‌కి ఈ పని చేస్తుంటే ప్రకటన ఏ దేశంలో వస్తుందో ముందే అడగండి.

## దశ 5: బ్లర్ ఎందుకు పనికిరాలేదు

అందరూ మొదట చేసేది ఇదే కాబట్టి కొలిచి చూపిస్తాను. లేయర్ కాపీ చేసి, గాసియన్ బ్లర్ ఇచ్చి, మాస్క్‌తో తొడ మీద మాత్రమే కనిపించేలా చేయడం.

బ్లర్ 3 పిక్సెళ్లు ఇస్తే 8 పిక్సెళ్ల చారలో ఐదో వంతు కూడా తగ్గదు. చర్మం మీది సన్నటి గరుకుదనం మాత్రం పూర్తిగా పోతుంది. అంటే ఉండాల్సింది పోయి, పోవాల్సింది మిగిలింది. బ్లర్ 12కి పెంచితే చార నాలుగో వంతుకి తగ్గింది, కానీ అప్పటికి అక్కడ చర్మమే లేదు. ప్లాస్టిక్ లుక్ అంటారే, అది. పక్కనే చేతుల మీద సన్నటి వెంట్రుకలు, ముడతలు స్పష్టంగా ఉండటంతో కాళ్లు ఇంకొకరివి తెచ్చి అతికించినట్టున్నాయి.

తర్వాత ఫ్రీక్వెన్సీ సెపరేషన్. ఫొటోని రెండు పొరలుగా విడదీసి, కింది పొరలో రంగులూ నీడలూ, పై పొరలో గరుకుదనం పెట్టే పద్ధతి. ముఖాలకి చాలామంది వాడేది. దీనిలో విడదీసే సైజు ఎంత పెట్టామన్నదే అంతా. అలవాటు ప్రకారం 12 పెట్టి కింది పొరని మెత్తగా చేస్తూ పోయాను. చారలు కదల్లేదు. కారణం ఇందాకటి లెక్కలోనే ఉంది. 12 దగ్గర విడదీస్తే చారలో నాలుగో వంతే కింది పొరలో ఉంటుంది, మిగతా మూడు వంతులూ పై పొరలోకి, అంటే చర్మపు గరుకుదనం ఉన్న చోటుకే వెళ్లి కూర్చుంటాయి. కింద ఎంత తుడిచినా పైన అలాగే ఉంటాయి.

రెండు పొరలు చాలవు. గరుకుదనానికి ఒకటి, చారకి ఒకటి, నీడలకి ఒకటి, కనీసం మూడు కావాలి.

ఇప్పటిదాకా: ఇంకా 6. ఈ దశ లేయర్లన్నీ చెరిపేశాను.

## దశ 6: వేవ్‌లెట్‌తో చారని విడిగా పట్టుకోవడం

జింప్‌లో ఈ పనికి రెడీగా ఒక ఫిల్టర్ ఉంది. ఫొటోని వివరాల సైజుని బట్టి పొరలు పొరలుగా విడదీస్తుంది. ఒక్కో పొర ముందుదానికంటే రెండింతల సైజు వివరాలు పట్టుకుంటుంది.

```
Filters > Enhance > Wavelet-decompose
Scales: 5
```

`Scale 1` నుంచి `Scale 5` దాకా ఐదు పొరలు, అన్నిటికీ కింద `Residual` వస్తాయి. అన్నీ కలిపి చూస్తే ఫొటో ఎప్పటిలాగే ఉంటుంది. కంటి గుర్తు నొక్కి ఒక్కొక్క పొరా దాచి చూస్తే ఏది ఎక్కడుందో తెలిసిపోతుంది. `Scale 1`, `Scale 2` దాచితే చర్మం గరుకుదనం పోయింది, చారలు ఉన్నాయి. `Scale 3`, `Scale 4` దాచితే చారలు దాదాపు మాయమయ్యాయి, గరుకుదనం ఉంది. కావలసింది దొరికింది.

మాస్క్‌లో నలుపు పూసిన చోట ఆ పొర కనిపించదు, తెలుపు ఉన్న చోట కనిపిస్తుంది. దీన్ని వేయడంలో ఒక చిక్కు ఉంది. 50 శాతం నల్ల బ్రష్‌తో గీస్తే మొదటి గీత సగం తగ్గిస్తుంది. దాని మీద ఇంకో గీత పడితే అక్కడ ముప్పావు తగ్గుతుంది. తొడంతా మచ్చలు మచ్చలుగా తయారవుతుంది. దీనికి నేను చేసింది:

1. `Scale 3`కి తెల్ల మాస్క్ వేసి, చారల మీద మాత్రం 15 పిక్సెళ్ల మెత్తటి బ్రష్‌తో పూర్తి నలుపు గీశాను. చార ఎటు పోతే అటు, దాని వెంబడే.
2. అదే మాస్క్‌ని సెలెక్షన్‌గా మార్చి `Scale 4`, `Scale 5`లకి కూడా వేశాను.
3. మాస్క్ ఎంచుకుని `Colors > Levels` తెరిచి, అవుట్‌పుట్ కింది విలువ 0ని 128కి మార్చాను. నల్లగా ఉన్నదంతా ఒకేసారి ఒకే బూడిద రంగయింది. అంటే అన్ని చోట్లా సమంగా సగం.

ఈ మూడో అడుగు వల్ల ఇంకో లాభం ఉంది. పూర్తి నల్ల మాస్క్ ఒక కాపీ దాచుకుంటే, ఎంత తగ్గించాలన్నది ఎప్పుడైనా ఒక్క అంకెతో మార్చుకోవచ్చు.

`Scale 3`, `Scale 4` రెండిటినీ సగం చేస్తే తేడా 6 నుంచి 3.6కి వచ్చింది. సగం చేస్తే 3 రావాలి కదా? రాదు. చారలో కొంత భాగం పక్క పొరల్లోకి కూడా పాకి ఉంటుంది. `Scale 5`ని మూడో వంతు తగ్గిస్తే 3.2. అక్కడ ఆపాను. `Scale 2` ముట్టుకుంటే లక్ష్యం అందేది, కానీ చర్మం పోయేది.

రెండు చోట్ల తేడా కొట్టింది. మొదటిది షార్ట్స్ అంచు. తెల్ల బట్టకీ గోధుమ రంగు చర్మానికీ మధ్య ఉండే పెద్ద మార్పు కూడా ఈ పొరల్లోనే ఉంటుంది. మాస్క్ అంచుకి తగలగానే షార్ట్స్ కింద ఒక పాల రంగు నీడలాంటిది వచ్చింది. మాస్క్‌ని అంచు నుంచి 15 పిక్సెళ్లు వెనక్కి జరిపితే పోయింది. అక్కడ చారలు అసలు ఉన్నట్టే ఉండిపోయాయి, ఎవరికీ తెలియదు. రెండోది నీటి బొట్లు. ఒక చార మీదుగా బొట్టు జారుతోంది, దాని మెరుపు కూడా సగమైపోయి బూడిద మచ్చలా కనిపించింది. బొట్టున్న చోట మాస్క్ మళ్లీ తెల్లగా చేశాను.

ఇప్పటిదాకా: 9 → 6 → 3.2.

## దశ 7: చారలు తగ్గాయి, పాలిపోయిన మచ్చ మిగిలింది

జూమ్ తగ్గించి దూరం నుంచి చూస్తే కుడి తొడ మీద అరచేయంత చోటు ఇంకా పాలిపోయినట్టే ఉంది. చారలు ఒకదాని పక్కన ఒకటి గుంపుగా ఉన్న చోటు అది. విడివిడి గీతలు తగ్గినా, గుంపు మొత్తం కలిసి ఇచ్చే లేత రంగు పెద్ద సైజు వివరం కాబట్టి `Residual`లో ఉండిపోయింది.

ఇక్కడ L కంటే b విలువ చూడాలి. అది పసుపు ఛాయ ఎంతో చెప్పేది. మామూలు చర్మం 24, ఆ గుంపు ఉన్న చోటు 20. చర్మంలోని గోధుమ రంగు అక్కడ తగ్గిందన్నమాట. దీన్ని నల్లబరిస్తే మురికిగా కనిపిస్తుంది తప్ప కలవదు. రంగే ఇవ్వాలి.

పైన కొత్త లేయర్ వేసి, మోడ్ `LCh Color` పెట్టి, పక్క చర్మం రంగు తీసుకుని, పెద్ద మెత్తటి బ్రష్‌తో 10 శాతం చొప్పున పూశాను. ఈ మోడ్‌లో వెలుతురు మారదు, రంగు మాత్రమే మారుతుంది. b 22 దాటాక ఆపాను. 24 దాకా తీసుకెళ్తే ఆ చోటు నారింజ రంగులోకి తిరిగింది.

## దశ 8: గుంటలు, వదిలేసిన కథ

తొడ వెనక భాగంలో ఏటవాలు ఎండకి చిన్న గుంటలు కనిపిస్తున్నాయి. వీటి వెడల్పు 60 నుంచి 100 పిక్సెళ్లు. చారల పద్ధతి వీటికి పనికిరాదు. లేతగా చేసే డాడ్జ్, ముదురుగా చేసే బర్న్ టూల్స్‌తో నీడని కొంచెం కొంచెంగా తేల్చాలి.

తేల్చాను. ఒక్కో గుంట విడిగా చూస్తే పని శుభ్రంగానే వచ్చింది. అన్నీ అయ్యాక మొత్తం కాలు చూస్తే అరటి బోదెలా తయారైంది. ఆ చిన్న నీడలే తొడ కండరం ఎక్కడ గుండ్రంగా ఉంది, ఎక్కడ వెనక్కి తిరిగింది అని కంటికి చెప్తున్నాయి. అవి పోతే ఎండ ఏ వైపు నుంచి వస్తోందో కూడా కాలు చెప్పదు. ముఖం మీద, చేతి మీద ఎండ పక్క నుంచి పడుతుంటే, కాళ్ల మీద మాత్రం ఎదురుగా పడుతున్నట్టుంది.

లేయర్ ఓపాసిటీ 20కి దించి చూశాను, కాస్త నయం. మబ్బు ఫ్రేమ్‌తో పోల్చి చూస్తే మెత్తటి వెలుగులోనూ గుంటలు కొంచెం ఉన్నాయి. లేయర్ తీసేశాను. చారల గురించి అడిగింది గానీ వీటి గురించి మా చెల్లి ఒక్క మాటా అనలేదు. అడగనిదాన్ని మనం చూపించి మరీ సరిచేస్తే, ఆ తర్వాత అద్దంలో తను వెతికేది దాన్నే.

## దశ 9: కాగితం మీద నాలుగు ముక్కలు

స్క్రీన్ మీద చూపించి "ఏది బాగుంది" అని అడిగితే అందరూ జూమ్ చేస్తారు, పూర్తిగా తీసేసినదే ఎంచుకుంటారు. అందుకని కాగితం మీదే చూపించాను. కుడి తొడ భాగాన్ని అసలు ప్రింట్‌లో ఎంత సైజులో వస్తుందో అంతే సైజులో కత్తిరించి, నాలుగు రకాలు ఒకే 4 × 6 షీట్ మీద వేయించాను. వెనక పెన్సిల్‌తో అక్షరాలు రాసుకున్నాను.

- అ: రా ఫైలు సరిచేసింది మాత్రమే, తేడా 6
- ఆ: తేడా 4.3
- ఇ: తేడా 3.2
- ఈ: చారలు పూర్తిగా తీసేసినది

చేయి చాచి పట్టుకుని చూసినప్పుడు ‘ఇ’కీ ‘ఈ’కీ తేడా చెప్పలేకపోయింది. దగ్గరికి తెచ్చుకుని ‘ఈ’ మీద వేలు పెట్టి, "ఇక్కడేదో రుద్దినట్టుంది కదక్కా?" అంది. రుద్దినట్టే ఉంది. చారలోని సన్నటి ముడతలు చర్మం మడత దిక్కుని చూపిస్తాయి. పూర్తిగా తీసేస్తే అక్కడ ఏ దిక్కూ లేని ఖాళీ పట్టీ మిగులుతుంది.

"మరి ‘ఇ’లో చారలు ఇంకా ఉన్నాయిగా?" అని నేనే అడిగాను.

"ఉన్నాయి. కానీ వెతికితే కనిపిస్తున్నాయి. ఇందాక వెతక్కుండానే కనిపించేవి. ఇది చాలు," అంది.

వాళ్లాయన ‘అ’ కూడా బాగానే ఉందన్నారు. అది కూడా నిజమే. తేడా 9 నుంచి 6కి వచ్చేసరికే ఫొటోలో కంటికి మొదట తగిలేది నవ్వు అయింది, కాళ్లు కాదు. టైం లేనివాళ్లు దశ 3 దగ్గరే ఆపేసి ప్రింట్ తీయించుకోవచ్చు.

## దశ 10: ప్రింట్‌కి పంపే ముందు

1. ఫొటోని అద్దంలోలా ఎడమ కుడి తారుమారు చేసి చూశాను. అలవాటైన కంటికి కనిపించని మచ్చ తిప్పితే కనిపిస్తుంది. ఎడమ పిక్క మీద హీల్ టూల్ ఒకే ఇసుక మచ్చని రెండు చోట్ల అతికించింది, సరిచేశాను.
2. 25 శాతం జూమ్‌లో చేతులు, మెడ, కాళ్లు ఒకే మనిషివిలా ఉన్నాయా అని చూశాను. గరుకుదనం అన్ని చోట్లా ఒకేలా ఉంది.
3. షార్ప్‌నెస్ ప్రింట్ సైజుకి ఇచ్చాను. అది ఇచ్చాక మళ్లీ కొలవాలి, చారల తేడా కూడా పెరుగుతుంది కాబట్టి. 3.2 కాస్తా 3.9 అయింది. కాళ్ల మీద షార్ప్‌నెస్ సగానికి మాస్క్ చేస్తే 3.4.
4. కాగితం మ్యాట్. గ్లాసీ మీద నలుపు ఇంకా ముదురుగా, తేడాలు ఇంకా గట్టిగా వస్తాయి. పైగా హాల్లో ట్యూబ్‌లైట్ మెరుపు పడుతుంది.
5. రా ఫైలు, పొరలున్న ఎక్స్‌సీఎఫ్ ఫైలు, పూర్తి నల్ల మాస్క్ కాపీ, మూడూ తనకే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను.

చివరి లెక్క: 9 → 6 → 3.2 → ప్రింట్‌లో 3.4. మబ్బు ఫ్రేమ్‌లో కొలిచింది 3.

ఫోన్ కోసం దశ 3 దాకా చేసి, ఇసుక, దోమ కాట్లు తీసిన కాపీ పంపాను. అందులో చారలకి ఏమీ చేయలేదు. తర్వాత అదే రోజుది ఇంకో ఫొటో పంపింది. దానిలో తను సముద్రానికి వీపు పెట్టి నిలబడింది, ఎండ వెనక నుంచి పడుతోంది. కాళ్ల ముందు భాగం అంతా మెత్తటి నీడలో ఉంది. ఐదు జతలు కొలిస్తే తేడా 2.5. ఇది ఉన్నది ఉన్నట్టే ప్రింట్‌కి వెళ్లొచ్చని చెప్పాను.